అక్యూట్ ప్యాంక్రియాటైటిస్‌లో ఆహారం నోటి ద్వారానా, ట్యూబు ద్వారానా: నిర్ణయించడం ఎలా, తట్టుకుంటున్న తీరును రాయడం ఎలా

నేను రెసిడెంటుగా ఉన్న రోజుల్లో, అక్యూట్ ప్యాంక్రియాటైటిస్‌తో చేరిన ఒక రోగి కేస్ షీటులో నాలుగు రోజులు వరుసగా ‘ఆహారం తట్టుకుంటున్నారు’ అని ఉంది. అందులో రెండు రోజులు నా చేతిరాతే. అయిదో రోజు ఆయన భార్య మాటల మధ్యలో, పళ్లెంలో పెట్టినదంతా తానే తిరిగి తీసుకెళ్తున్నానని, ఆయన రోజుకు నాలుగైదు చెంచాలకు మించి ముట్టడం లేదని చెప్పారు. వాంతి కాలేదన్నది నిజమే. తినని మనిషికి వాంతి ఎందుకవుతుంది? ‘తట్టుకుంటున్నారు’ అన్న ఒక్క మాట చాటున నాలుగు రోజుల పస్తు కనబడకుండా పోయింది, ట్యూబు వేయవలసిన సమయం కూడా దాటిపోయింది.

ఈ వ్యాసం వార్డులో ఈ రోగులను చూసుకునే జూనియర్ డాక్టర్లకు, నర్సులకు, డైటీషియన్లకు ఉద్దేశించినది. రోగ నిర్ధారణ జరిగిపోయిన పెద్దవారి మొదటి వారం గురించి మాత్రమే రాస్తున్నాను. అందులోనూ చిక్కు ఉన్నది ఒక గుంపు దగ్గరే: జబ్బు తీవ్రమవుతుందన్న అనుమానం ఉంది, కానీ రోగి మెలకువగా ఉన్నారు, షాక్‌లో లేరు, నోటితో కొంత తినగలరేమో అనిపిస్తోంది. జబ్బు తేలికగా ఉన్నవారిలో చాలామంది ఒకటి రెండు రోజుల్లో తామే తినడం మొదలుపెడతారు. వెంటిలేటరు మీద ఉన్నవారికి ట్యూబు తప్పదు. వారి విషయంలో పెద్దగా ఆలోచించవలసింది ఉండదు.

మొదట ‘నోటికి ఏమీ ఇవ్వవద్దు’ అన్న ఆర్డరును తిరగదోడండి

క్లోమానికి విశ్రాంతి ఇవ్వాలి, ఆహారం తగిలితే ఎంజైములు మరింత ఊరి వాపు పెరుగుతుంది అన్న ఆలోచనతో దశాబ్దాల పాటు ఈ రోగులను పస్తు ఉంచారు. ఆ విశ్రాంతి వల్ల మేలు కలిగినట్టు పరిశోధనలు చూపలేదు. పైగా పేగులోకి ఆహారం వెళ్లకపోతే పేగు లోపలి పొర సన్నబడుతుంది, దాని అడ్డుగోడ బలహీనపడుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాటి వచ్చి చనిపోయిన క్లోమ కణజాలంలో ఇన్‌ఫెక్షను తెచ్చే అవకాశం పెరుగుతుంది. రెండో వారంలో మనం భయపడేది ఆ ఇన్‌ఫెక్షను గురించే. కాబట్టి ఆహారం నోటి ద్వారా వెళ్లినా, ట్యూబు ద్వారా వెళ్లినా అది పేగును చేరడమే ముఖ్యం. రక్తనాళం ద్వారా ఇచ్చే పోషణ ఈ పని చేయదు, అందుకే అది చివరి మార్గంగా మిగులుతుంది.

అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజికల్ అసోసియేషన్ 2018లో ఇచ్చిన మార్గదర్శకం కూడా ఈ దారిలోనే ఉంది: రోగి తట్టుకున్న మేరకు 24 గంటల లోపే నోటి ద్వారా ఆహారం మొదలుపెట్టాలి, అది కుదరకపోతే రక్తనాళం ద్వారా కాక ట్యూబు ద్వారా ఇవ్వాలి. అయినా చేరిన రాత్రి రాసిన ‘నోటికి ఏమీ వద్దు’ అన్న ఆర్డరును మర్నాటి రౌండ్స్‌లో ఎవరూ తీసేయకపోవడం ఇప్పటికీ తరచుగా చూస్తున్నాను. ఆ ఆర్డరు రాసేటప్పుడే దాని పక్కన తిరిగి చూడవలసిన సమయం రాయడం అలవాటు చేసుకోండి. ‘ఉదయం 8 గంటలకు తిరిగి చూడాలి’ అన్న ఆ కొద్ది మాటల వల్ల ఒక రోజు పస్తు తప్పుతుంది.

24 గంటల లోపు మంచం పక్కన నిలబడి చూడవలసినవి

మొదట రక్తప్రసరణ చూడండి. రక్తపోటును నిలబెట్టే మందు మోతాదు ఇంకా పెరుగుతూ ఉంటే, లాక్టేటు ఎక్కుతూ ఉంటే, పేగుకు చాలినంత రక్తం అందకపోవచ్చు. ఆ సమయంలో ఏ దారిలోనూ ఆహారం మొదలుపెట్టవద్దు. మోతాదు నిలకడగా ఉండి లాక్టేటు దిగడం మొదలయ్యాక తక్కువ వేగంతో ట్యూబు ద్వారా మొదలుపెట్టవచ్చు. తరువాత రోగి సురక్షితంగా మింగగలరా అన్నది చూడండి: మెలకువ, దగ్గగలిగే శక్తి, నిమిషానికి శ్వాసల సంఖ్య. నిమిషానికి 35 సార్లు ఊపిరి తీస్తున్న మనిషికి పళ్లెం అందించకూడదు. ఆ తరువాత పొట్ట. పేగు పూర్తిగా స్తంభించిందా, ఎక్కడైనా అడ్డం ఏర్పడిందా, పొట్ట గట్టిపడి ఉబ్బుతోందా అన్నవి చేతితో తాకి చూసి తేల్చుకోండి.

ఈ మూడింటిలో అడ్డు లేకపోతే చివరి ప్రశ్న రోగినే అడగండి: ‘ఏమైనా తినాలనిపిస్తోందా?’ ఆకలి తిరిగి రావడం నమ్మదగిన సంకేతం. ఆకలి లేదన్నంత మాత్రాన ప్రయత్నం మానవలసిన పని లేదు. నొప్పి తగ్గే మందు సరిపడా అందాక మళ్లీ అడిగితే సమాధానం మారుతుంది.

నిర్ణయంలో లెక్కలోకి తీసుకోకూడనివి కూడా చెప్పాలి. లైపేజ్ ఇంకా ఎక్కువగా ఉందని ఆగవద్దు. ఆ అంకె దిగే వేగానికీ, రోగి తినగలగడానికీ పొత్తు కుదరదు, రోజూ దాన్ని పరీక్షకు పంపడం వృథా. పేగు శబ్దాలు వినబడలేదని ఆగవద్దు. నొప్పి పూర్తిగా పోవాలని ఎదురుచూడవద్దు. మందుతో అదుపులో ఉంటే చాలు. తీవ్రతను అంచనా వేసే స్కోరు ఎక్కువగా ఉందన్న ఒక్క కారణంతో నేరుగా ట్యూబు వేయవద్దు. ఈ చివరి మాట చాలామందికి మింగుడుపడదు గనుక కొంచెం వివరిస్తాను.

స్కోరు ఎక్కువైతే ముందే ట్యూబు వేయాలా?

నెదర్లాండ్స్‌లోని 19 ఆసుపత్రులలో జరిగి 2014లో ప్రచురితమైన పైథాన్ ట్రయల్ సరిగ్గా ఈ ప్రశ్ననే తీసుకుంది. సమస్యలు వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిని, అంటే అపాచీ-2 స్కోరు 8 లేదా ఆ పైన ఉన్నవారిని, లేదా అలాంటి ఇతర కొలతల్లో గీత దాటినవారిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు 24 గంటల లోపే ట్యూబు ద్వారా ఆహారం ఇచ్చారు. రెండో గుంపుకు 72 గంటలకు నోటి ద్వారా మొదలుపెట్టి, తట్టుకోలేకపోతేనే ట్యూబు వేశారు. ఆరు నెలల లోపు పెద్ద ఇన్‌ఫెక్షను గానీ మరణం గానీ సంభవించినవారు మొదటి గుంపులో 30 శాతం, రెండో గుంపులో 27 శాతం. ముందే ట్యూబు వేయడం వల్ల మేలు కనబడలేదు. రెండో గుంపులో 69 శాతం మందికి అసలు ట్యూబు అవసరమే రాలేదు.

దీన్ని ‘72 గంటలు పస్తు ఉంచవచ్చు’ అని చదువుకోవడం పొరపాటు. దీని నుంచి నేను తీసుకున్నది వేరు. స్కోరు పెద్దదైనా మొదటి అవకాశం నోటికే ఇవ్వాలి. తినలేకపోతున్నారని తేలితే 72 గంటల గీత దాటకుండా ట్యూబు వేయాలి. మధ్యలో ఉన్న సమయం పస్తుకు కాదు, ప్రయత్నానికి.

ఈ గీత అందరికీ ఒకటి కాదు. చేరేటప్పటికే చిక్కిపోయి ఉన్నవారికి, చేరకముందు నుంచే సరిగా తినని వారికి 72 గంటలు ఆగడం ఎక్కువ. గడియారం ఆసుపత్రిలో చేరిన క్షణం నుంచి కాక, చివరిసారి కడుపు నిండా తిన్న పూట నుంచి మొదలవుతుంది. ఆ పూట ఎప్పుడో అడిగి మొదటి రోజే కేస్ షీటులో రాసిపెట్టండి. కింద చెప్పబోయే రోగి విషయంలో మేము దెబ్బతిన్నది ఇక్కడే.

మొదటి పళ్లెం

నీళ్లు, ఆ తరువాత పలుచని ద్రవాలు, ఆ తరువాత చిక్కని ద్రవాలు, చివరికి గట్టి ఆహారం అంటూ రోజుకో మెట్టు ఎక్కించనక్కరలేదు. కొవ్వు తక్కువగా ఉన్న మెత్తని గట్టి ఆహారంతోనే మొదలుపెట్టవచ్చు. ద్రవాలతో మొదలుపెట్టినందువల్ల రోగులు మెరుగ్గా తట్టుకున్నట్టు తేలలేదు. వాటిలో క్యాలరీలు తక్కువ కాబట్టి ఒక రోజు నష్టపోతారు.

పూటకు సుమారు 250 నుంచి 300 కిలో క్యాలరీల చొప్పున, రోజుకు అయిదారు చిన్న పూటలుగా ఆర్డరు రాయండి. నొప్పి మందును తినడానికి అరగంట ముందు అందేలా చూడండి. వికారం ఉంటే దాని మందు కూడా అప్పుడే. తిన్న తరువాత నొప్పి కాస్త పెరగడం మామూలే. ఒక పూట వాంతి అయితే అది ఒక పూట విఫలమవడం మాత్రమే. తరువాతి పూటను సగానికి తగ్గించి మళ్లీ ఇవ్వండి. ఒక్క వాంతికే ‘నోటికి ఏమీ వద్దు’ అని మళ్లీ రాసేస్తే మొదటికొస్తాం.

పూట పూటకూ రాయవలసినది

ఒక పూట గురించి రాసేటప్పుడు ఎంత పెట్టారు, ఎంత తిన్నారు, తినకముందు నొప్పి ఎంత, తిన్న తరువాత ఎంత, వికారం, వాంతి, పొట్ట తీరు ఎలా ఉన్నాయి, మిగిలినది ఎందుకు మిగిలింది అన్నవి ఉండాలి. ఆఖరిది చాలా చార్టుల్లో ఉండదు, నిర్ణయాన్ని మార్చేది మాత్రం అదే. తినడం ఆపింది నొప్పి వల్లా, రెండు ముద్దలకే కడుపు నిండినట్టు అనిపించడం వల్లా, వికారం వల్లా, స్కానుకు తీసుకెళ్లడం వల్లా? నొప్పి అయితే మందు సరిచేయాలి. కడుపు నిండినట్టుంటే జీర్ణాశయం ఖాళీ కావడం లేదేమో, లేదా వాపు, ద్రవం చేరిక దాన్ని నొక్కుతున్నాయేమో చూడాలి. స్కాను అయితే అది తట్టుకోలేకపోవడం కిందికి రాదు, పూట తిరిగి ఇవ్వాలంతే.

ఇక కేసు. నలభయ్యో పడిలో ఉన్న మగ రోగి, బరువు 62 కిలోలు, రోజూ మద్యం తాగే అలవాటు. పద్దెనిమిది గంటల నొప్పితో చేరారు. చేరకముందు మూడు రోజులుగా సరిగా తినలేదని తరువాత తెలిసింది. రెండో రోజు సీఆర్‌పీ 180 దాటింది, అవయవ వైఫల్యం ఏదీ లేదు, మెలకువగా ఉన్నారు. కిలోకు 25 కిలో క్యాలరీల లెక్కన రోజు లక్ష్యం 62 × 25 = 1550. రెండో రోజు నర్సింగ్ చార్టులో ఒక నమోదు ఇలా ఉంది:

> మధ్యాహ్నం 1:10. కొవ్వు తక్కువ మెత్తని భోజనం, సుమారు 300 కిలో క్యాలరీలు పెట్టాం. మూడో వంతు తిన్నారు, అంటే సుమారు 100. నొప్పి తినకముందు పదికి 4, గంట తరువాత 6, రెండు గంటల తరువాత 4. వికారం కొద్దిగా, వాంతి లేదు. పొట్ట కొంచెం ఉబ్బి ఉంది, మెత్తగానే ఉంది. మిగిల్చిన కారణం: ‘రెండు ముద్దలకే నిండిపోయింది’ అన్నారు. సాయంత్రం 5 గంటలకు సగం పరిమాణంలో మళ్లీ ఇస్తాం.

రాయడానికి రెండు నిమిషాలు పట్టే ఈ నమోదులో, నొప్పి గంటకు పెరిగి రెండు గంటలకు మళ్లీ మొదటికి వచ్చిందన్న సంగతి ఉంది. గంట దగ్గరే చూసి వెళ్లిపోయినవారు దీన్ని ‘తట్టుకోలేదు’ అని రాసి ఉండేవారు. అందుకే తిన్న తరువాతి కొలతను రెండుసార్లు తీసుకోండి. నొప్పి మూడు నాలుగు అంకెలు ఎక్కి దిగకుండా ఉండిపోతేనో, దానితో పాటు జ్వరమో నాడి వేగమో పెరిగితేనో అది కొత్త సమస్య. అప్పుడు వెతకవలసింది ఆహారంలో కాదు, పొట్టలో.

రోజు చివర పూటలన్నీ కూడి లక్ష్యంలో ఎంత శాతమో ఒకే వాక్యంలో రాయాలి. ఈ రోగికి రెండో రోజు మొత్తం 350, అంటే 23 శాతం. మూడో రోజు 420, అంటే 27 శాతం, ఆ రోజే రెండుసార్లు వాంతి. మా వార్డులో వాడే గీత ఏమిటంటే, సరైన నొప్పి మందు, వికారం మందు అందుతూ కూడా రోజు లక్ష్యంలో సగం దాటకపోతే, మర్నాటికి అది పెరిగే సూచన లేకపోతే ట్యూబు. ఇది మేము పెట్టుకున్న గీత. మీ వార్డు మరొకటి పెట్టుకోవచ్చు, కానీ ఏదో ఒక అంకె ముందే ఒప్పుకొని ఉండాలి. లేకపోతే ‘రేపు చూద్దాం’ అన్న మాట అయిదో రోజు దాకా సాగుతుంది.

మేము 74వ గంటకు ట్యూబు వేశాం. ఇప్పుడైతే 48 గంటలకే వేసి ఉండేవాణ్ని. చేరకముందు మూడు రోజులు, చేరాక రెండు రోజులు కలిపితే అప్పటికే అయిదు రోజుల దాదాపు పస్తు. రెండో రోజు 23 శాతం అన్న అంకె కళ్లెదుటే ఉంది.

ట్యూబు: ఏది, ఎంత వేగంతో

ముక్కు ద్వారా జీర్ణాశయంలోకి వేసే ఎన్‌జీ ట్యూబుతోనే మొదలుపెట్టండి. మంచం దగ్గరే వేయవచ్చు, ఎండోస్కోపీ కోసం ఒక రోజు ఎదురుచూడనక్కరలేదు, ఎక్కువమంది తట్టుకుంటారు. చిన్నపేగు దాకా వెళ్లే ఎన్‌జే ట్యూబును, మందులిచ్చి వేగం తగ్గించినా వాంతులు ఆగనివారికి, వాపు వల్ల జీర్ణాశయం నుంచి బయటికి దారి మూసుకుపోయినవారికి అట్టిపెట్టండి.

ట్యూబు చివర ఎక్కడుందో ఎక్స్‌రేతో ఖాయం చేసుకున్నాకే మొదటి చుక్క వెళ్లాలి. గాలి ఊది స్టెతస్కోపుతో వినడం నమ్మదగిన పద్ధతి కాదు. ఊపిరితిత్తిలో ఉన్న ట్యూబు కూడా అదే శబ్దం వినిపిస్తుంది. ముక్కు దగ్గర ట్యూబు మీద కనబడే సెంటీమీటర్ల గుర్తును అప్పుడే రాసిపెట్టండి, ప్రతి షిఫ్టులో దానితో పోల్చండి. మంచం తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచండి.

మామూలు పాలిమెరిక్ ఫార్ములా చాలు. మిల్లీలీటరుకు ఒక కిలో క్యాలరీ ఉండే రకం తీసుకుంటే లెక్క సులువు. ఈ రోగికి లక్ష్యం 1550 మి.లీ., దాన్ని 24తో భాగిస్తే గంటకు సుమారు 65 మి.లీ. అయితే అక్కడ మొదలుపెట్టకూడదు. మద్యం అలవాటు ఒకటి, అయిదు రోజులకు మించి దాదాపు తినకపోవడం రెండోది. ఈ రెండూ కలిస్తే రీఫీడింగ్ సిండ్రోమ్ ప్రమాదం ఎక్కువన్నమాట. పస్తున్న శరీరానికి పిండిపదార్థం ఒక్కసారిగా అందితే ఇన్సులిన్ ఊరి ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల లోపలికి పోతాయి, రక్తంలో పడిపోతాయి. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి కండరాలు బలహీనపడవచ్చు. ఇలాంటివారికి మొదటి రోజు కిలోకు 10 కిలో క్యాలరీలు దాటకుండా ఇవ్వాలి. ఈ రోగికి అది 620. మేము గంటకు 20 మి.లీ.తో, అంటే రోజుకు 480తో మొదలుపెట్టాం. మొదటి ఫీడ్‌కు ముందే థయామిన్ ఇంజెక్షను ఇచ్చాం, ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం పరీక్షకు పంపాం.

ట్యూబు మీద ఉన్నవారి చార్టు

నోటి ద్వారా తినేవారి చార్టులో ‘ఎంత తిన్నారు’ అన్నది ఎంత ముఖ్యమో, ఇక్కడ ‘ఎంత వెళ్లింది’ అన్నది అంత ముఖ్యం. పంపు మీద పెట్టిన వేగం ఆర్డరు మాత్రమే. మధ్యలో ఎన్ని గంటలు ఆపారో ఎవరూ కూడకపోతే, రోగికి అన్నీ అందుతున్నాయనే భ్రమలో ఉంటాం. ఈ రోగి మొదటి రోజు లెక్క ఇది:

> ఆర్డరు 480 మి.లీ., వెళ్లినది 390 మి.లీ. ఆపిన సమయం నాలుగున్నర గంటలు: సీటీ కోసం 3 గంటలు, ట్యూబు మూసుకుపోయి గంటన్నర. రోగి తట్టుకోలేక ఆపిన సమయం లేదు. ఆర్డరులో 81 శాతం, పూర్తి లక్ష్యంలో 25 శాతం. వాంతి లేదు. పొట్ట నిన్నటిలాగే. విరేచనం నాలుగు రోజులుగా లేదు.

‘తట్టుకోలేక ఆపిన సమయం’, ‘ఇతర కారణాలతో ఆపిన సమయం’ అని రెండు వేర్వేరు గడులు పెట్టండి. ఈ రెండింటినీ కలిపేస్తే, స్కాను గది దగ్గర వరుసలో గడిచిన గంటలు రోగి పేగు ఖాతాలో పడతాయి, ఎవరో అనవసరంగా ఎన్‌జే ట్యూబు అడుగుతారు.

రెండో రోజు వేగాన్ని గంటకు 30కి పెంచాం. ఆరేడు గంటలు గడిచాక ఒకసారి 200 మి.లీ. వాంతి అయింది, పొట్ట ఉబ్బింది. డ్యూటీలో ఉన్నవారికి సహజంగా తోచేది ఫీడ్ ఆపడం. వాంతి అయిన వెంటనే శ్వాస మార్గం భద్రంగా ఉందని చూసుకునేదాకా ఆపడం సరైనదే. ఆ తరువాత అడగవలసింది ‘ఎందుకు’ అని. ఇక్కడ చూస్తే సీటీ నుంచి వచ్చాక మంచం తల వైపు ఎత్తనే లేదు, ముందురోజు నొప్పి మందుగా ఓపియాయిడ్ మోతాదు పెంచారు, విరేచనం లేదు. ట్యూబు గుర్తు కదలలేదు. మూత్రాశయం ద్వారా పొట్ట లోపలి ఒత్తిడి కొలిస్తే 11 వచ్చింది.

ఆ ఒత్తిడి కొలత గురించి ఒక మాట. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, 25 మి.లీ.కు మించకుండా సెలైన్ ఎక్కించి, ఊపిరి వదిలిన చివరలో, చంక మధ్య నుంచి దిగే గీత దగ్గర సున్నా పెట్టి తీసినదైతేనే అంకెను నమ్మండి. ఒత్తిడి 15 మిల్లీమీటర్ల పాదరసం లోపు ఉంటే ఎన్‌జీ ద్వారా కొనసాగించవచ్చు. 15 దాటితే ఎన్‌జే ద్వారా గంటకు 20 మి.లీ. నుంచి జాగ్రత్తగా మొదలుపెట్టాలి. 20 దాటినా, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ ఉన్నా పేగు ద్వారా ఆహారం ఆపి రక్తనాళం ద్వారా పోషణ మొదలుపెట్టాలి. యూరోపియన్ సంస్థ ఎస్పెన్ 2020 మార్గదర్శకంలో ఇచ్చిన గీతలివి.

ట్యూబు నుంచి వెనక్కి లాగి మిగులు కొలవడాన్ని నాలుగు గంటలకోసారి యాంత్రికంగా చేయవద్దు. వాంతి, ఉబ్బరం ఉన్నప్పుడు కొలిచినా ఆరు గంటల్లో 500 మి.లీ. దాటితేనే అది ఫీడ్ ఆపడానికి కారణం. 150 వచ్చిందని ఆపేయడం ఇంకా చూస్తూనే ఉన్నాను. 150 అంటే జీర్ణాశయం తన పని తాను చేసుకుంటున్నట్టే.

ఆ సాయంత్రమే ఫాస్ఫేటు 3.1 నుంచి 1.9కి దిగినట్టు రిపోర్టు వచ్చింది. దీంతో వేగం తగ్గించడానికి రెండు కారణాలు ఒకేసారి ఎదురయ్యాయి. కేస్ షీటులో వాటిని విడివిడిగా రాశాం:

> సాయంత్రం 6:30. గంటకు 30 నుంచి 20కి తగ్గించాం. కారణం ఒకటి: ఒక వాంతి, ఉబ్బరం, ఒత్తిడి 11, ట్యూబు స్థానం సరిగా ఉంది. చేసినవి: తలవైపు 30 డిగ్రీలు, మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. సిర ద్వారా, విరేచనానికి మందు, ఓపియాయిడ్ మోతాదు పునఃపరిశీలన. కారణం రెండు: ఫాస్ఫేటు 1.9, సిర ద్వారా భర్తీ చేస్తున్నాం, థయామిన్ కొనసాగుతోంది, పరీక్ష 12 గంటలకు మళ్లీ. పెంచడానికి షరతు: వాంతి లేకుండా 12 గంటలు, ఫాస్ఫేటు 2.5 దాటడం. రెండూ కుదిరితేనే గంటకు 30.

ఇలా రాయకపోతే, రాత్రి డ్యూటీకి వచ్చిన డాక్టరు వాంతి ఆగిందని చూసి వేగం పెంచేస్తారు, ఫాస్ఫేటు సంగతి మరుగున పడిపోతుంది. తగ్గించిన ప్రతిసారీ తిరిగి ఎప్పుడు, ఏ షరతు మీద పెంచాలో అదే నమోదులో ఉండాలి. ఆ షరతు లేని తగ్గింపు ఆర్డరు రోజుల తరబడి అలాగే ఉండిపోతుంది.

విరేచనాలు పట్టుకుంటే ముందుగా ట్యూబులో వేస్తున్న ద్రవ మందుల జాబితా చూడండి. వాటిలోని సార్బిటాలే తరచు కారణం. యాంటీబయాటిక్ వాడుతుంటే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ పరీక్ష పంపండి. మలం జిడ్డుగా తేలుతుంటే క్లోమ ఎంజైములు చాలడం లేదేమో ఆలోచించండి. ఫార్ములా మార్చడం వీటన్నింటి తరువాతి మాట.

ఇవన్నీ చూశాక కూడా తినలేకపోవడం కొత్తగా మొదలైతే, అంటే నాలుగు రోజులు బాగా తట్టుకున్న రోగికి అయిదో రోజు హఠాత్తుగా వాంతులు, జ్వరం, నాడి వేగం వస్తే, దాన్ని ఫీడ్ సమస్యగా రాసి వదలకండి. ఇన్‌ఫెక్షను, పెరుగుతున్న ద్రవం చేరిక, పేగు రక్తప్రసరణ తగ్గడం, వీటిలో ఏదైనా కావచ్చు. చార్టు క్రమంగా రాసి ఉంటేనే ఈ మలుపు ఏ గంటకు వచ్చిందో తెలుస్తుంది.

ట్యూబు నుంచి మళ్లీ నోటికి

ట్యూబు ఉన్నంత మాత్రాన నోరు మూయవలసిన పని లేదు. ఈ రోగికి ట్యూబు వేసిన మూడో రోజు నుంచే చిన్న పూటలు మొదలుపెట్టాం, అయిదో రోజుకు ట్యూబు వేగం గంటకు 65కి చేరింది. ఆకలి తెలియాలని తరువాత పగటి ఫీడ్ ఆపి, రాత్రి మాత్రమే ఇచ్చాం. నోటి పూటల లెక్క మళ్లీ మొదటి చార్టులోనే, అదే పద్ధతిలో సాగింది: ఎనిమిదో రోజు 940, అంటే లక్ష్యంలో 61 శాతం, తొమ్మిదో రోజు 1120, అంటే 72 శాతం. రెండు రోజులు వరుసగా 60 శాతం దాటాకే ట్యూబు తీశాం. తీసిన తేదీ, కారణం, ఆ రోజు బరువు రాశాం. ఆ తరువాతి మూడు రోజులు కూడా పూటల నమోదు ఆపవద్దని, మొత్తం సగం కంటే కిందికి జారితే డైటీషియన్‌కు చెప్పాలని ఆ నమోదు కిందే నర్సులకు సూచన ఉంచాం.